మస్ట్ హ్యావ్, షుడ్ హ్యావ్: ముందు చూడాల్సింది జరిగిందా లేదా అన్నదే

ప్రశ్న: "నిన్న పంపాల్సిన రిపోర్ట్ మర్చిపోయాను. పొద్దున మా మేనేజర్‌కి 'ఐ మస్ట్ హ్యావ్ సెంట్ ద రిపోర్ట్ ఎస్టర్‌డే, సారీ' అని మెయిల్ పెట్టాను. ఆయన 'నాకైతే రాలేదు, ఏ అడ్రస్‌కి పంపారో ఒకసారి చూడండి' అని జవాబిచ్చారు. తప్పు ఎక్కడ జరిగింది? మస్ట్ హ్యావ్, షుడ్ హ్యావ్, కుడ్ హ్యావ్ అన్నీ నాకు ఒకేలా అనిపిస్తాయి. మాట్లాడేటప్పుడు ఏది వాడాలో ఎలా తెలుసుకోవాలి?"

మీరు రాయాల్సింది 'ఐ షుడ్ హ్యావ్ సెంట్'. మీరు రాసిన వాక్యానికి అర్థం 'నిన్ననే పంపేసి ఉంటానండీ' అని. అందుకే ఆయన పాపం ఇన్‌బాక్స్ అంతా వెతుక్కుని, కనపడక, ఏ అడ్రస్‌కి పంపారని అడిగారు. ఆయన వైపు నుంచి చూస్తే అది సరైన జవాబే.

మస్ట్ హ్యావ్ అంటే ఆ పని జరిగిందని మీ నమ్మకం. షుడ్ హ్యావ్ అంటే, మీలాంటి సందర్భంలో, ఆ పని జరగలేదు, జరిగి ఉంటే బాగుండేదని. రెండూ పూర్తిగా ఎదురెదురు దిక్కులు. ఒక్క మాట మారితే పని అయిపోయినట్టు కూడా అవుతుంది, కాకుండా మిగిలిపోయినట్టు కూడా అవుతుంది. పదకొండేళ్లుగా పెద్దవాళ్లకి ఇంగ్లీష్ నేర్పుతున్నాను. గ్రామర్ బాగానే వచ్చినవాళ్లు కూడా అర్థం తలకిందులయ్యేలా మాట్లాడే చోట్లలో ఇది ముఖ్యమైనది.

ఎందుకు ఇలా జరుగుతుందంటే, చిన్నప్పుడు మనకి మస్ట్ అంటే 'తప్పనిసరిగా చేయాలి' అనీ షుడ్ అంటే 'చేయాలి' అనీ చెప్పారు. ఇప్పటి సంగతికి అది సరిపోతుంది. 'ఐ మస్ట్ సెండ్ ఇట్ టుడే' అంటే ఇవాళ పంపి తీరాలి. మరి నిన్నటి సంగతి చెప్పాలంటే మస్ట్ పక్కన హ్యావ్ పెట్టేస్తే 'పంపి తీరాల్సింది' అవుతుందని ఎవరైనా అనుకుంటారు, లెక్క ప్రకారం అదే రావాలి కూడా. కానీ మస్ట్ ఆ పని చేయదు. హ్యావ్ పక్కన చేరగానే మస్ట్‌లోని బాధ్యత అనే అర్థం పోయి, ఊహ అనే అర్థం ఒక్కటే మిగులుతుంది. నిన్న తప్పనిసరిగా చేయాల్సి వచ్చి, చేసేశాను అని చెప్పాలంటే 'ఐ హ్యాడ్ టు సెండ్ ఇట్'. చేయాల్సింది, చేయలేదు అంటే 'ఐ షుడ్ హ్యావ్ సెంట్ ఇట్'.

దీని వెనక ఒక చిన్న చరిత్ర ఉంది. పాత ఇంగ్లీష్‌లో ఈ మస్ట్ అనే రూపమే ఒక క్రియకి భూతకాల రూపం. తర్వాతి కాలంలో అసలు క్రియ మాయమైపోయి, భూతకాల రూపం మాత్రం వర్తమానానికి స్థిరపడింది. అందుకే దానికి మళ్లీ వేరే భూతకాల రూపం లేదు, బాధ్యత చెప్పడానికి హ్యాడ్ టు అనే మాటని అరువు తెచ్చుకోవాల్సి వస్తోంది.

ఇప్పుడు మీకు నిజంగా పనికొచ్చే సంగతి. ఈ తేడా మీకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు, తెలుగులో మీరు రోజూ వాడుతూనే ఉన్నారు. ఈ మూడు వాక్యాలు పైకి చదవండి:

'వాడు వెళ్లి ఉండాలి.' 
'వాడు వెళ్లాల్సింది.' 
'వాడు వెళ్లాల్సి వచ్చింది.'

మొదటి దాంట్లో వాడు వెళ్లాడని మీ అంచనా, కళ్లతో చూడలేదు. రెండో దాంట్లో వాడు వెళ్లలేదు. మూడో దాంట్లో వెళ్లాడు, ఇష్టం ఉన్నా లేకపోయినా తప్పలేదు. వరసగా మస్ట్ హ్యావ్ గాన్, షుడ్ హ్యావ్ గాన్, హ్యాడ్ టు గో. మూడింట్లోనూ 'ఆలి' అనే ముక్క ఏదో ఒక రూపంలో ఉంది కాబట్టే గందరగోళం, కానీ తెలుగులో మనం ఒక్కసారి కూడా పొరపాటు పడం. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకి ముందు ఇంగ్లీష్ వాక్యం తయారుచేయవద్దని చెప్తాను. తెలుగులో మీ నోటికి వచ్చేది 'ఉండాలి', 'ఉంటాడు' అనా, 'ఆల్సింది' అనా, 'ఆల్సి వచ్చింది' అనా చూసుకోండి. మీ మెయిల్ తెలుగులో రాసి ఉంటే 'నిన్ననే పంపాల్సింది, క్షమించండి' అని రాసేవాళ్లు. 'నిన్న పంపి ఉండాలి, క్షమించండి' అని రాసేవాళ్లు కాదు కదా.

ఇంకో వింత కూడా ఉంది. 'వెళ్లి ఉండాలి' అన్న మాటని ముక్కలు చేస్తే వెళ్లి, ఉండ, ఆలి. ఇంగ్లీష్‌లో మస్ట్, హ్యావ్, గాన్. అవే మూడు ముక్కలు, వరస మాత్రం వెనక నుంచి ముందుకి. పని అయిపోయిందని 'వెళ్లి' చెప్తుంది, అక్కడ గాన్ చెప్తుంది. మధ్యలో 'ఉండ', అక్కడ హ్యావ్. చివర్లో మాట్లాడేవాడి తీర్పు. ఇది చూపించాక హ్యావ్ ఎందుకు వస్తుందన్న అనుమానం చాలామందికి తీరిపోతుంది. 'వెళ్లాల్సింది' దగ్గర మాత్రం మనం ఆ 'ఉండ' ముక్కని మింగేస్తాం, 'వెళ్లి ఉండాల్సింది' అని పూర్తిగా అనేది తక్కువ. ఇంగ్లీష్‌లో దాన్ని మింగడానికి లేదు. 'ఐ షుడ్ వెంట్' అనే తప్పు అక్కడి నుంచే వస్తుందని నా అనుమానం.

రూపం విషయం ఇక్కడితో ముగించేస్తాను, ఇందులో పెద్దగా ఏమీ లేదు:

```
must have + V3
should have + V3
could have / might have + V3
can't have + V3
```

కర్త ఎవరైనా సరే హ్యావ్ మారదు. 'షి మస్ట్ హ్యాజ్ గాన్' తప్పు, 'షి మస్ట్ హ్యావ్ గాన్' ఒప్పు. చివర్లో వచ్చేది క్రియ మూడో రూపం, కాబట్టి 'మస్ట్ హ్యావ్ వెంట్' కాదు, 'మస్ట్ హ్యావ్ గాన్'. ఆ సమయంలో పని నడుస్తూ ఉందని చెప్పాలంటే 'మస్ట్ హ్యావ్ బీన్ స్లీపింగ్', నిద్రపోతూ ఉండి ఉంటాడు.

ఇక అసలు విషయం, ఏ సందర్భంలో ఏది. నియమాల చిట్టా ఇస్తే గుర్తుండదు. నేను క్లాసులో ఒక కథ చెప్తాను, అది మీకూ చెప్తాను. ప్రతి మలుపులోనూ ఒక్క నిమిషం ఆగి మీరైతే ఏమంటారో అనుకుని ఆ తర్వాత చదవండి.

సాయంత్రం మీరు ఇంటికి వచ్చారు. తలుపుకి తాళం వేసి లేదు. ఇంకేమీ తెలియదు. ఇప్పుడు మీ బుర్రలో రెండు మూడు ఊహలు తిరుగుతాయి, ఏదీ గట్టిది కాదు. తెలుగులో 'నేనే మర్చిపోయి ఉండొచ్చు, ఎవరైనా తీసి ఉండొచ్చు' అంటారు. 'ఉండొచ్చు' వచ్చిందంటే మైట్ హ్యావ్ లేదా కుడ్ హ్యావ్. 'ఐ మైట్ హ్యావ్ ఫర్‌గాటెన్ టు లాక్ ఇట్. సమ్‌వన్ కుడ్ హ్యావ్ ఓపెన్డ్ ఇట్.' ఈ రెండింటికీ మధ్య ఇక్కడ తేడా వెతుక్కోవద్దు, ఏది అన్నా సరే.

తాళంకప్ప చూశారు. పగలగొట్టిన గుర్తులు లేవు. తాళంచెవి మీ బ్యాగ్‌లోనే ఉంది, మీకు తెలిసి అది ఒక్కటే ఉంది. అంటే బయటివాళ్లు తీసే వీలు లేదు. మిగిలింది ఒకే ఒక్క దారి. 'నేనే మర్చిపోయి ఉంటాను.' ఇప్పుడు 'ఐ మస్ట్ హ్యావ్ ఫర్‌గాటెన్ టు లాక్ ఇట్'. మైట్ నుంచి మస్ట్‌కి ఎందుకు మారారో చూడండి. మీకు కొత్తగా గుర్తుకేమీ రాలేదు, తాళం వేయకుండా వెళ్లిన దృశ్యం కళ్ల ముందు మెదల్లేదు. మిగతా దారులు మూసుకుపోయాయి, అంతే. మస్ట్ హ్యావ్ అనడానికి ఆధారం కావాలి, ఆ ఆధారం ఇంకో వివరణకి చోటు ఇవ్వకూడదు. తెలుగులో 'మర్చిపోయే ఉంటాను' అని ఆ దీర్ఘం తీస్తామే, ఆ 'ఏ' బలమే ఇంగ్లీష్‌లో మస్ట్.

ఈలోగా పక్కింటావిడ బయటికి వచ్చి, పొద్దున మీరు తాళం వేసి రెండుసార్లు లాగి చూడటం తాను చూశానని చెప్పింది. ఇప్పుడు మీ మాట వెనక్కి తీసుకోవాలి. 'అయితే నేను మర్చిపోయి ఉండే అవకాశమే లేదు.' ఇది 'ఐ కాంట్ హ్యావ్ ఫర్‌గాటెన్'. మస్ట్ హ్యావ్‌కి ఎదురు మాట మసంట్ హ్యావ్ అని చాలామంది అనుకుంటారు. అమెరికా వాళ్ల మాటల్లో 'మస్ట్ నాట్ హ్యావ్' వినిపిస్తుంది, దానికి 'చేసి ఉండడు' అనే అర్థం. కానీ 'అసాధ్యం, కుదరదు' అన్నంత గట్టిగా చెప్పాలంటే కాంట్ హ్యావ్ లేదా కుడంట్ హ్యావ్. ఇవి రెండూ ఎక్కడైనా చెల్లుతాయి, ఇవి వాడుకోండి. 'చేయకూడదు' అనే అర్థంలో మసంట్‌ని ఇప్పటి సంగతులకే ఉంచుకోండి.

అప్పుడు మీకు గుర్తొచ్చింది. కిందటి నెల మీ చెల్లికి ఒక తాళంచెవి ఇచ్చారు. 'అయితే మా చెల్లి వచ్చి ఉంటుంది.' 'మై సిస్టర్ మస్ట్ హ్యావ్ కమ్.' మళ్లీ మస్ట్, ఎందుకంటే మళ్లీ ఒకే దారి మిగిలింది.

ఆమెకి ఫోన్ చేశారు. 'అవును, మధ్యాహ్నం వచ్చాను, వెళ్లేటప్పుడు తాళం వేయడం మర్చిపోయాను' అంది. ఇక్కడ ఆగండి, క్లాసులో సగం మంది ఇక్కడే తప్పు చేస్తారు. సంగతి తెలిసిపోయాక కూడా 'షి మస్ట్ హ్యావ్ కమ్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్' అంటారు. తెలిసిన విషయానికి మస్ట్ హ్యావ్ వాడకూడదు. ఊహ అక్కర్లేదు కదా, 'షి కేమ్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్' అంటే చాలు. మస్ట్ హ్యావ్ అన్నారంటే వినేవాళ్లకి 'ఈయనకి సరిగ్గా తెలియదు, అంచనా వేస్తున్నాడు' అని అర్థం. మస్ట్ అనేది చాలా గట్టి మాట కాబట్టి ఉన్న నిజాన్ని ఇంకా గట్టిగా చెప్తుందని అనుకుంటాం. నిజానికి మామూలు భూతకాలమే దానికంటే గట్టిది.

ఇప్పుడు అంతా తెలిసింది, ఊహలు అయిపోయాయి. ఇక మొదలయ్యేది బాధ, కోపం. 'వెళ్లేటప్పుడు తాళం వేయాల్సింది': 'షి షుడ్ హ్యావ్ లాక్డ్ ఇట్'. వేయలేదు కాబట్టే ఈ మాట. 'కనీసం ఒక ఫోన్ అయినా చేయొచ్చు కదా': 'షి కుడ్ హ్యావ్ కాల్డ్ మీ'. చేయలేదు. 'అసలు తనకి తాళంచెవి ఇవ్వకుండా ఉండాల్సింది': 'ఐ షుడంట్ హ్యావ్ గివెన్ హర్ ద కీ'. ఇచ్చారు కాబట్టే ఈ మాట. షుడంట్ హ్యావ్ దగ్గర తిరగబడుతుందని గమనించండి. షుడ్ హ్యావ్ అంటే జరగలేదు, షుడంట్ హ్యావ్ అంటే జరిగింది.

కథలో కుడ్ హ్యావ్ రెండుసార్లు వచ్చింది, రెండు వేరువేరు అర్థాల్లో. మొదట 'ఎవరైనా తీసి ఉండొచ్చు', అక్కడ జరిగిందో లేదో తెలియదు. చివర్లో 'ఫోన్ చేయొచ్చు కదా', అక్కడ జరగలేదని తెలుసు. వాక్యం రూపం చూసి ఈ రెండింటినీ విడదీయలేం. మాట్లాడేవాడికి అసలు సంగతి తెలుసా తెలియదా అన్నదే చూడాలి. 'హి కుడ్ హ్యావ్ డైడ్' అని ఎవరైనా అంటే, మనిషి ఆచూకీ తెలియనప్పుడు 'చనిపోయి ఉండొచ్చు'. మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే 'చచ్చిపోయి ఉండేవాడు, త్రుటిలో తప్పింది'. ఒకే వాక్యం. దీని గురించి ఆందోళన పడక్కర్లేదు, ఎదురుగా ఉన్న పరిస్థితి ఎప్పుడూ అర్థం చెప్పేస్తుంది. మీరు మాట్లాడేటప్పుడు అనుమానం రాకుండా ఉండాలంటే, తెలియని సంగతికి మైట్ హ్యావ్, చేతిలో ఉండి కూడా చేయని పనికి కుడ్ హ్యావ్ అని పంచుకోండి. నేను మొదట్లో అందరికీ అలాగే చెప్తాను, అలవాటయ్యాక వాళ్లే సడలించుకుంటారు.

ఇప్పుడు పైన నేను 'మీలాంటి సందర్భంలో' అని ఎందుకన్నానో చెప్పాలి, లేకపోతే రేపు ఎక్కడో ఒక వాక్యం విని నేను తప్పు చెప్పాననుకుంటారు. షుడ్ హ్యావ్ ఎప్పుడూ పశ్చాత్తాపమే కాదు. 'ద పార్సెల్ షుడ్ హ్యావ్ అరైవ్డ్ బై నౌ' అన్న వాక్యం తీసుకోండి. 'ఈపాటికి వచ్చి ఉండాలే' అని అర్థం. ఇక్కడ ఎవరి తప్పూ ఎంచడం లేదు. వచ్చిందో లేదో మాట్లాడేవాడికి తెలియకపోవచ్చు కూడా. లెక్క ప్రకారం రావాలి, అంతే. 'ఈపాటికి' అనే అర్థం వచ్చే 'బై నౌ' తరచూ పక్కన ఉంటుంది, అదే మీకు గుర్తు.

మరి 'ద పార్సెల్ మస్ట్ హ్యావ్ అరైవ్డ్ బై నౌ' అంటే? తేడా ఎక్కడ ఉందంటే, మస్ట్ అన్నవాడు వచ్చేసిందని తేల్చుకున్నాడు. షుడ్ అన్నవాడు రావాల్సిన లెక్క చెప్పాడు, రాకపోయి ఉండే అవకాశానికి తలుపు కొంచెం తెరిచి ఉంచాడు. ఒక కస్టమర్ 'ఇట్ షుడ్ హ్యావ్ అరైవ్డ్ బై నౌ' అని రాశాడంటే దాదాపు ఎప్పుడూ రాలేదనే ఫిర్యాదు. నా దగ్గర చదువుకున్న ఒకాయన కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసేవాడు. ఇలాంటి మెయిల్‌ని 'వచ్చేసి ఉండాలి అంటున్నాడు, అంటే వచ్చినట్టే' అని అర్థం చేసుకుని టికెట్ మూసేశాడు. అవతలి మనిషి రెండోసారి రాసింది చాలా కోపంగా ఉంది. ఆయన నాకు చూపించిన ఆ రెండు మెయిల్సే నేను ఇప్పటికీ ఉదాహరణగా చెప్తుంటాను.

ఇంకో ఉచ్చు తెలుగు వైపు నుంచే ఉంది. 'ఆల్సింది' అనగానే షుడ్ హ్యావ్ అని చెప్పాను, తొంభై పాళ్లు అది పనిచేస్తుంది. కానీ మనం 'ఆల్సింది' అని ఒట్టి ప్రణాళిక చెప్పడానికి కూడా అంటాం. 'నిన్న నేను అక్కడికి వెళ్లాల్సింది, వాళ్లే మీటింగ్ వాయిదా వేశారు.' ఇందులో బాధ లేదు, ఎవరి తప్పూ లేదు. దీన్ని 'ఐ షుడ్ హ్యావ్ గాన్' అంటే 'వెళ్లి ఉండాల్సింది, వెళ్లకుండా తప్పు చేశాను' అని వినిపిస్తుంది. ఇక్కడ సరైన మాట 'ఐ వాజ్ సపోజ్డ్ టు గో'. తెలుగు వాక్యం చివర 'తప్పు చేశాను' అని గానీ 'తప్పు చేశావు' అని గానీ తగిలించి చూడండి. అతుక్కుంటే షుడ్ హ్యావ్, అతుక్కోకపోతే వాజ్ సపోజ్డ్ టు. మీ రిపోర్ట్ సంగతిలో అతుక్కుంటుంది, పైగా మీరు క్షమాపణ చెప్తున్నారు కాబట్టి షుడ్ హ్యావే కావాలి.

ఈ తప్పు అనే అర్థం ఉండటం వల్లే ఎవరి గురించి వాడుతున్నారో జాగ్రత్తగా చూసుకోవాలి. 'ఐ షుడ్ హ్యావ్' అంటే మీ మీద మీరు వేసుకుంటున్నారు, వినయంగా ఉంటుంది. 'యు షుడ్ హ్యావ్' అంటే ఎదుటివాళ్లని నిలదీసినట్టే. 'మీరు నాకు గుర్తుచేయాల్సిందండీ' అని తెలుగులో 'అండీ' చేర్చి మెత్తగా చెప్పొచ్చు, ఇంగ్లీష్‌లో 'యు షుడ్ హ్యావ్ రిమైండెడ్ మీ' అన్నప్పుడు ఆ 'అండీ'కి చోటే లేదు. పై అధికారికి ఈ వాక్యం రాయకండి. 'ఎ రిమైండర్ వుడ్ హ్యావ్ హెల్ప్డ్' అంటే, గుర్తుచేసి ఉంటే ఉపయోగపడేది, అదే సంగతి మనిషి మీదికి పోకుండా చెప్పినట్టవుతుంది. కుడ్ హ్యావ్ మెత్తగా ఉంటుందనుకుని 'యు కుడ్ హ్యావ్ టోల్డ్ మీ' అంటారు కొందరు. అది ఇంకా ఘాటు, 'చెప్పొచ్చుగా!' అన్నట్టే ఉంటుంది.

దీనికి ఒక్క మినహాయింపు. మీరు ఎవరికైనా బహుమతి ఇస్తే వాళ్లు నవ్వుతూ 'ఓ, యు షుడంట్ హ్యావ్!' అంటారు. అది తిట్టు కాదు. 'అయ్యో, ఎందుకండీ ఇవన్నీ' అని మనం అంటామే, అదే. ఒకమ్మాయి ఈ మాట విని తాను ఏదో పొరపాటు చేశానని రెండు రోజులు బాధపడి నన్ను అడిగింది, అందుకని చెప్తున్నాను.

నీడంట్ హ్యావ్ గురించి రెండే మాటలు. 'ఐ నీడంట్ హ్యావ్ వెయిటెడ్' అంటే అనవసరంగా ఎదురుచూశాను, చూశాను. 'ఐ డిడంట్ నీడ్ టు వెయిట్' అంటే ఎదురుచూడాల్సిన అవసరం పడలేదు, ఎక్కువసార్లు ఎదురుచూడనే లేదన్న అర్థంలో వస్తుంది. ఇప్పటికి ఇది చాలు.

మాట్లాడేటప్పుడు అని కూడా అడిగారు కాబట్టి ఉచ్చారణ గురించి చెప్పకుండా వదలలేను. మనం ఈ మూడు మాటల్నీ సమానంగా, 'మస్ట్' 'హ్యావ్' 'గాన్' అని విడివిడిగా పలుకుతాం. వాళ్లు అలా పలకరు. హ్యావ్‌లోని హ రాలిపోయి, మిగిలింది ముందు మాటకి అతుక్కుంటుంది: 'మస్టవ్', 'షుడవ్', 'కుడవ్', వ్యతిరేకంలో 'షుడంటవ్'. వేగంగా అంటే చివరి వ్ కూడా పోయి 'షుడా' లాగా వినిపిస్తుంది. మీరు హ్యావ్ కోసం చెవులు రిక్కిస్తూ ఉంటే అది ఎప్పటికీ వినపడదు, అందుకే సినిమాలు చూస్తున్నప్పుడు ఈ వాక్యాలు జారిపోతాయి. ఆ చిన్న 'అవ్' శబ్దం ఉందా లేదా అని వినండి. 'హి షుడ్ కమ్' అంటే రావాలి, 'హి షుడవ్ కమ్' అంటే రావాల్సింది, రాలేదు. కమ్ రెండు చోట్లా ఒకటే కాబట్టి తేడా అంతా ఆ 'అవ్'లోనే ఉంది. ఇంగ్లీష్ పుట్టుభాష అయినవాళ్లే ఈ శబ్దాన్ని విని కొన్నిసార్లు `should of` అని టైప్ చేస్తారు. ఆన్‌లైన్‌లో చూసి అదే సరైనదనుకోకండి, రాసేటప్పుడు ఎప్పుడూ `should have` లేదా `should've`.

ఎవరైనా 'డిడ్ హి గెట్ ద మెసేజ్?' అని అడిగితే వాక్యమంతా తిరిగి చెప్పక్కర్లేదు, 'హి మస్ట్ హ్యావ్' అంటే చాలు. అక్కడ ఆగిపోతాం కాబట్టి హ్యావ్‌ని స్పష్టంగా పలకాలి, 'హి మస్ట్' అని వదిలేస్తే 'అందుకోవాలి' అనే ఆజ్ఞలా అయిపోతుంది.

మీ మేనేజర్‌కి ఇప్పుడు ఏం రాయాలంటే, ముందు ఆయన వెతుకులాట ఆపించాలి. రిపోర్ట్ అసలు పంపలేదన్న సంగతి ఆయనకి ఇంకా తెలియదు. కాబట్టి షుడ్ హ్యావ్ ఒక్కదాని మీదే ఆధారపడకుండా, తెలిసిన నిజాన్ని మామూలు భూతకాలంలో చెప్పి, ఆ తర్వాత పశ్చాత్తాపం చెప్పండి:

'సారీ ఫర్ ద కన్‌ఫ్యూజన్. ఐ డిడంట్ సెండ్ ద రిపోర్ట్. ఐ షుడ్ హ్యావ్ సెంట్ ఇట్ ఎస్టర్‌డే. ఇట్ ఈజ్ అటాచ్డ్ హియర్.'

ఒకవేళ మీరు నిజంగానే పంపానని అనుకుని, చూస్తే అది డ్రాఫ్ట్స్‌లోనే ఉండిపోయి ఉంటే, అప్పుడు మస్ట్ హ్యావ్‌కి సరైన చోటు దొరికినట్టే: 'ఐ థాట్ ఐ హ్యాడ్ సెంట్ ఇట్, బట్ ఐ మస్ట్ హ్యావ్ ఫర్‌గాటెన్ టు ప్రెస్ సెండ్.' పంపు బటన్ నొక్కడం మర్చిపోయి ఉంటాను అని. మర్చిపోయినట్టు మీకు గుర్తులేదు, మెయిల్ డ్రాఫ్ట్స్‌లో ఉండటం ఒక్కటే ఆధారం, ఇంకో వివరణ లేదు.